41 శాతం అంటే దేనిలో 41 శాతం? రెండు తెలుగు శాసనసభల సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల, శాసన మండళ్ల గౌరవ సభ్యులకు నమస్కారాలు.

నేను ఖజానా శాఖలో చేరి, ఆర్థిక శాఖలో నిధుల సర్దుబాటు చూసే సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన ఉద్యోగిని. బడ్జెట్ సమావేశాల ప్రసారాలను ఇప్పటికీ మొదటి నుంచి చివరి దాకా చూస్తాను. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నా, కేంద్ర పన్నుల వాటా గురించి మీలో ఎవరో ఒకరు ఒకే మాట అంటారు: మనం ఢిల్లీకి రూపాయి పంపితే అక్కడి నుంచి ఇన్ని పైసలే తిరిగి వస్తున్నాయి అని. ఆ మాటకు బల్లలు చరుస్తారు, మరుసటి రోజు పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, అంతటితో ఆ చర్చ ముగుస్తుంది. రాష్ట్రానికి నిజంగా ఎక్కడ నష్టం జరుగుతోందో చెప్పే లెక్క వేరే చోట ఉంది. అది, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలని చెప్పిన 15వ ఆర్థిక సంఘం నివేదికలో, కేంద్ర బడ్జెట్ పత్రాల్లో బహిరంగంగానే ఉన్నా సభలో వినిపించడం అరుదు. ఆ లెక్కను మీ ముందుంచడానికే ఈ లేఖ.

ముందు ఆ రూపాయి సంగతి చూద్దాం. కార్పొరేట్ పన్ను కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లో జమవుతుంది కానీ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో కాదు. మన జిల్లాల్లో సిమెంటు తయారుచేసే కంపెనీ ముంబైలో రిజిస్టరై ఉంటే దాని పన్ను మహారాష్ట్ర వసూళ్లలో కనబడుతుంది. విశాఖపట్నం రేవులో దిగి ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లే సరుకు మీద కస్టమ్స్ సుంకం ఆంధ్రప్రదేశ్ పేరున లెక్కకు వస్తుంది. అలాంటి అంకెలను పట్టుకుని మనం ఇంత ఇచ్చామని చెబితే అవతలి వాళ్లు క్షణంలో కొట్టిపారేయగలరు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రాజ్యాంగంలోని 280వ అధికరణం కింద ఏర్పడిన 15వ ఆర్థిక సంఘం ఎన్.కె. సింగ్ అధ్యక్షతన ఇచ్చిన నివేదికలో, 2021-22 నుంచి 2025-26 వరకు రాష్ట్రాల వాటాలు తేల్చిన సూత్రంలో, ఏ రాష్ట్రంలో ఎంత పన్ను వసూలైందనే గడే లేదు. లేని గడి మీద ఏటా వాదిస్తూ, ఉన్న గడులను మనం వదిలేస్తున్నాం.

రాష్ట్ర జీఎస్టీకి ఈ పంపకంతో సంబంధం లేదని కూడా ఇక్కడే చెప్పాలి. అది నేరుగా మీ ఖజానాకే వస్తుంది. అందరికీ పంచే నిధిలో చేరేది కేంద్ర జీఎస్టీ, ఆదాయ పన్ను, కార్పొరేట్ పన్ను, కస్టమ్స్, ఎక్సైజు సుంకాలు.

ఇక మొదటి మెట్టు, ఆ 41 శాతం విషయానికి వస్తాను. 14వ సంఘం రాష్ట్రాలకు 42 శాతం ఇమ్మంది. జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమయ్యాక ఆ మేరకు ఒక శాతం తగ్గించి 15వ సంఘం 41 చేసింది. అయితే అది కేంద్రం వసూలు చేసే మొత్తం పన్నులో 41 శాతం కాదు. 2000లో వచ్చిన 80వ రాజ్యాంగ సవరణ కేంద్ర పన్నులన్నింటినీ పంపకంలోకి తెచ్చిందే కానీ, ఒక ప్రత్యేక అవసరం పేరున వేసే సెస్సులనూ, పన్ను మీద పన్నుగా వేసే సర్‌చార్జీలనూ బయటే ఉంచింది. స్థూల వసూళ్ల నుంచి వాటిని, వసూలు ఖర్చును, కేంద్రపాలిత ప్రాంతాలకు చెందిన పన్నును తీసేయగా మిగిలినదే పంచదగిన నిధి. 2024 జులైలో ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో 2024-25కు స్థూల పన్ను అంచనా 38.40 లక్షల కోట్లు కాగా రాష్ట్రాల వాటా 12.47 లక్షల కోట్లు. భాగహారం చేసి చూడండి, 32.5 శాతం దగ్గర ఆగుతుంది.

ఈ తేడా ఎంతటిదో లీటరు పెట్రోలులో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2022 మే 22న తగ్గించినప్పటి లెక్క తీసుకుంటే, లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకం మొత్తం 19 రూపాయల 90 పైసలు. అందులో మూల ఎక్సైజు సుంకం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు రెండున్నర రూపాయలు, రోడ్లు, మౌలిక వసతుల సెస్సు 5 రూపాయలు. పంపకానికి వచ్చేది ఆ రూపాయి నలభై పైసలే. దానిలో 41 శాతం అంటే 57 పైసలు, అదీ ఇరవై ఎనిమిది రాష్ట్రాలకూ కలిపి. అందులో ఆంధ్రప్రదేశ్‌కు చేరేది రెండు పైసల పైచిలుకు, తెలంగాణకు ఒక పైసాకు కాస్త ఎక్కువ. 19 రూపాయల 90 పైసలూ పంపకంలో ఉండి ఉంటే అవే శాతాల మీద ఆంధ్రప్రదేశ్‌కు 33 పైసలు, తెలంగాణకు 17 పైసలు వచ్చేవి. ఆ శాతాలను మార్చమని ఏ సంఘాన్నీ అడగక్కర్లేకుండానే, సుంకం పేరు మారితే చాలు, రాష్ట్రం వాటా పద్నాలుగో వంతుకు పడిపోతుందన్న మాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సెస్సులన్నీ కేంద్రం మింగేసిందనడం న్యాయం కాదు. జీఎస్టీ పరిహార సెస్సు రాష్ట్రాల కోసమే పుట్టింది, కోవిడ్ కాలంలో రాష్ట్రాల పరిహారం కోసం చేసిన అప్పును దానితోనే తీర్చారు. రోడ్డు సెస్సు రోడ్ల రూపంలో మన జిల్లాలకూ వస్తుంది. కానీ వాటాగా వచ్చిన రూపాయిని ఎలా ఖర్చు పెట్టాలో మీ సభ నిర్ణయిస్తుంది. పథకంగా వచ్చిన రూపాయి తన షరతులను వెంటబెట్టుకుని వస్తుంది, చాలా పథకాల్లో రాష్ట్రం తన వంతు కలిపితే తప్ప విడుదల కాదు. వాదన ఏదైనా ఉంటే ఈ తేడా మీద ఉండాలి.

రెండో మెట్టు ఆ 41 శాతాన్ని రాష్ట్రాల మధ్య పంచడం. 15వ సంఘం ఆరు ప్రమాణాలు పెట్టుకుంది. వంద మార్కుల పరీక్ష అనుకుంటే 2011 జనాభాకు 15, విస్తీర్ణానికి 15, అడవులు, పర్యావరణానికి 10, జనాభా అదుపులో సాధించిన ఫలితానికి 12.5, సొంత పన్నుల వసూలులో చూపిన శ్రమకు 2.5, మిగిలిన 45 ఆదాయ అంతరానికి. ఈ చివరి దాన్ని కాస్త నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల కథ ఎక్కువగా ఇక్కడే నడుస్తుంది.

ఆదాయ అంతరం అంటే తలసరి ఆదాయంలో పైనున్న రాష్ట్రానికీ మీ రాష్ట్రానికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడాను మీ జనాభాతో గుణిస్తారు, వచ్చిన లబ్ధాల నిష్పత్తిలో డబ్బు పంచుతారు. లెక్క తెలియడానికి గుండ్రని అంకెలతో ఇద్దరే ఉన్నారనుకుందాం. పైనున్న రాష్ట్రం తలసరి ఆదాయం రెండున్నర లక్షలు. మొదటి రాష్ట్రానిది 2 లక్షలు, జనాభా 4 కోట్లు. రెండోదానిది 50 వేలు, జనాభా 10 కోట్లు. మొదటిదాని అంతరం 50 వేలు, నాలుగుతో గుణిస్తే 2 లక్షలు. రెండోదాని అంతరం 2 లక్షలు, పదితో గుణిస్తే 20 లక్షలు. జనాభాలో రెండోది మొదటిదానికి రెండున్నర రెట్లే అయినా వాటాలో పది రెట్లు. పంచే సొమ్ము 45 రూపాయలైతే మొదటిదానికి సుమారు 4 రూపాయల 9 పైసలు వస్తాయి.

ఇప్పుడు మొదటి రాష్ట్రం బాగా పనిచేసి తలసరి ఆదాయాన్ని 2 లక్షల నుంచి రెండుంపావు లక్షలకు పెంచుకుంది, మిగిలినవన్నీ ఉన్నచోటే ఉన్నాయి అనుకోండి. పెరిగింది ఎనిమిదో వంతే. కానీ అంతరం 50 వేల నుంచి 25 వేలకు, అంటే సగానికి తగ్గింది. దానితోపాటు వాటా కూడా 4 రూపాయల 9 పైసల నుంచి 2 రూపాయల 14 పైసలకు పడిపోతుంది. శిఖరానికి దగ్గరయ్యే కొద్దీ అడుగడుక్కీ జరిగే కోత పెద్దదవుతుందన్న ఈ గుణం సూత్రంలోనే ఉంది. ఎవరో మన మీద కత్తిగట్టి చేసింది కాదు.

తెలంగాణ పట్ల జరిగింది చాలావరకు ఇదే. 14వ సంఘం ఇచ్చిన వాటా 2.437 శాతం. 15వ సంఘం తుది నివేదికలో అది 2.102 అయింది. జమ్మూ కశ్మీర్‌కు ఉన్న 1.854 శాతం మిగిలిన రాష్ట్రాల మధ్యకు చేరాక కూడా తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌ది 4.305 నుంచి 4.047కు తగ్గింది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రాల మొత్తంలో తెలంగాణ జనం సుమారు 3 శాతం, ఆంధ్రప్రదేశ్ జనం 4 శాతం పైన అని గుర్తుంచుకుంటే, జనాభాతో పోల్చినప్పుడు ఎవరు ఎంత వదులుకుంటున్నారో తెలుస్తుంది. బిహార్‌కు 10.058 శాతం, ఉత్తరప్రదేశ్‌కు 17.939 శాతం వెళ్లడం మనకు కష్టంగా ఉన్నా, అక్కడి పిల్లవాడి బడికీ ఆసుపత్రికీ ఆ ప్రభుత్వాల సొంత రాబడి చాలదన్న నిజాన్ని కాదనలేం. నేనైతే ఆదాయ అంతరాన్ని ఎత్తేయమని అడగను. కానీ ఆ ఆదాయాన్ని కొలిచే పద్ధతిని ప్రశ్నిస్తాను. సంఘం తీసుకున్నది 2016-17 నుంచి 2018-19 వరకు మూడేళ్ల సగటు రాష్ట్ర స్థూల ఉత్పత్తి. అది రాష్ట్రంలో జరిగిన ఉత్పత్తే కానీ రాష్ట్ర ప్రజల చేతికి వచ్చిన ఆదాయం కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఐటీ కార్యాలయాలు పుట్టించిన విలువ ఆదిలాబాద్ గిరిజనుడి తలసరి ఆదాయంలోనూ కలుస్తుంది, ఆ లాభం మాత్రం ఎక్కడో ఉన్న వాటాదారుకు చేరుతుంది. సభలో అడగదగిన మాట అంటే ఇది.

1971 జనాభా విషయం క్లుప్తంగా చెబుతాను. 14వ సంఘం దానికి 17.5 మార్కులు ఇచ్చింది. 15వ సంఘానికి ఇచ్చిన విధివిధానాల్లో కేంద్రం 2011 జనాభానే వాడమంది. కుటుంబ నియంత్రణ పాటించిన మాకు శిక్షా అని దక్షిణాది మంత్రులు 2018లో సమావేశాలు పెట్టారు, ఒకటి అమరావతిలోనే జరిగింది. దానికి సంఘం చెప్పిన జవాబే ఆ 12.5 మార్కులు. స్త్రీ ఒక్కరికి సగటున పుట్టే పిల్లల సంఖ్యను తలకిందులు చేసి, దాన్ని 1971 జనాభాతో గుణించారు. తలుపు నుంచి పంపేసిన 1971ని కిటికీలోంచి లోపలికి తెచ్చారని మా సెక్షన్‌లో నవ్వుకున్నాం కానీ, అది లేకపోతే మన వాటా ఇంకా తగ్గేది.

శాతాలు డబ్బుగా మారే రోజు ఎలా ఉంటుందో చెప్పాలి. సంవత్సరపు వాటాను పద్నాలుగు వాయిదాల్లో ఇస్తారు, మామూలుగా నెలలో పదో తేదీన. ఆ ఉదయం మా గదిలో అందరి చూపూ ఒకే సమాచారం మీద ఉండేది, నాగపూర్‌లోని రిజర్వు బ్యాంకు సెంట్రల్ అకౌంట్స్ సెక్షన్‌లో రాష్ట్రం ఖాతాకు ఎంత జమైందన్నది. ఆ అంకె వచ్చాకే ఆపి ఉంచిన బిల్లుల్లో ఏవి వదలాలో తేలేది. 2024 జూన్ 10న కేంద్రం 1,39,750 కోట్లు విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్‌కు 5,655.72 కోట్లు, తెలంగాణకు 2,937.58 కోట్లు. 4.047తో, 2.102తో గుణించి చూసుకోండి, నివేదికలోని శాతం ఎలా కోట్లయిందో కళ్లకు కడుతుంది. అదే రోజు తెలంగాణకు పాత 2.437 శాతం ఉండి ఉంటే మరో 468 కోట్లు పడేవి. ఆ విడుదలలో ఒక అదనపు వాయిదా కలిసి ఉంది. దాన్ని కేంద్రం ఉదారంగా రెట్టింపు ఇచ్చిందని కొందరు రాశారు. అది అదనపు డబ్బు కాదు, ఆ ఏటి వాటాలోనే ముందుగా ఇచ్చినది. తరువాత వచ్చే వాయిదా ఆ మేరకు తగ్గుతుంది.

శాతం మారకపోయినా డబ్బు మారే దారి ఇంకొకటి ఉంది, అది మీ బడ్జెట్‌ను నేరుగా దెబ్బతీస్తుంది. 2019-20కి కేంద్ర బడ్జెట్ రాష్ట్రాల వాటాను 8.09 లక్షల కోట్లుగా చూపింది. వృద్ధి మందగించింది, సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను రేటు తగ్గించారు, అంతకుముందు ఏడాది ఎక్కువగా ఇచ్చిన సొమ్మును కూడా సర్దుబాటు చేశారు. చివరికి రాష్ట్రాలకు అందినది 6.51 లక్షల కోట్లే. అప్పటి శాతాలతో చూస్తే ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 6,800 కోట్లు, తెలంగాణకు సుమారు 3,850 కోట్లు తక్కువ పడ్డాయి. రాష్ట్ర బడ్జెట్‌లో వాటా గడిలో కేంద్రం అంచనాను ఉన్నదున్నట్టు రాసుకుని, దాని మీద పథకాలు ప్రకటించి, మార్చి వచ్చేసరికి కాంట్రాక్టర్ల బిల్లులు ఆపడం నేను చాలాసార్లు చూశాను. బడ్జెట్ పుస్తకంలో ఆ ఒక్క పద్దు కింద గత మూడేళ్ల అంచనా, సవరించిన అంచనా, వాస్తవం పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఏటి అంకె ఎంత పల్చగా ఉందో మీకే తెలుస్తుంది.

మూడో మెట్టు గ్రాంట్లు. వాటా ఇచ్చాక కూడా రెవెన్యూ ఖాతాలో లోటు మిగులుతుందని సంఘం తన అంచనాల ప్రకారం తేల్చిన రాష్ట్రాలకు 275వ అధికరణం కింద గ్రాంటు సిఫార్సు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు మూడేళ్లలో 17,257 కోట్లు, 10,549 కోట్లు, 2,691 కోట్లు, ఆ తరువాత సున్నా. తెలంగాణకు మొదటి నుంచీ సున్నా. ఈ లోటు మీ ఖాతాల్లో కనిపించే లోటు కాదు, ఇంత వసూలు చేయగలరు, ఇంతే ఖర్చు చేయాలి అని సంఘం లెక్కకట్టిన లోటు. అందుకే నిజంగా లోటులో ఉన్న రాష్ట్రానికి కూడా నాలుగో ఏట ఏమీ రాలేదు. వాటా శాతాలను కేంద్రం ఎప్పుడూ మార్చకుండా ఆమోదిస్తూ వస్తోంది కానీ గ్రాంట్లకు ఆ భరోసా లేదు. 2020-21కి ఇచ్చిన మొదటి నివేదికలో, అంతకుముందు ఏడాదికన్నా తక్కువ అందుతున్న మూడు రాష్ట్రాలకు ప్రత్యేక గ్రాంటుగా 6,764 కోట్లు ఇవ్వమని సంఘం చెప్పింది. అందులో తెలంగాణది 723 కోట్లు. కేంద్రం దాన్ని ఆమోదించలేదు. రూపాయికి ఎన్ని పైసలన్న వాదన కన్నా ఈ 723 కోట్ల గురించి కాగితం చూపించి అడగడం ఎంతో బలమైన వాదన కదా అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఇంతవరకు ఢిల్లీ వైపు చూపించాను. నివేదికలో మీ వైపు చూపించే పేజీలూ ఉన్నాయి. రాజ్యాంగంలోని 243-ఐ, 243-వై అధికరణాల ప్రకారం ప్రతి రాష్ట్రమూ అయిదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించి, రాష్ట్ర పన్నుల్లో పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఎంత ఇవ్వాలో తేల్చాలి. ఆ నివేదికను, దాని మీద తీసుకున్న చర్యల వివరణను సభ ముందు పెట్టాలి. ఆ పని చేయని రాష్ట్రాలకు 2024 మార్చి తరువాత స్థానిక సంస్థల గ్రాంట్లు ఆపమని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. ఢిల్లీ తన వాటాను సెస్సుల కింద దాచుకుంటోందని మీరు అనేటప్పుడు, మీరు ఊళ్లకు ఇవ్వాల్సిన వాటా గురించి ఇలాంటి శాతమేదైనా ప్రకటించి ఉన్నారా అని అడిగే హక్కు సర్పంచులకు ఉంది.

నేనిప్పుడు ఉంటున్న ఊళ్లో సర్పంచ్ ఒకరోజు పంచాయతీ ఖాతా కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆర్థిక సంఘం నిధులు పడ్డాయని సాయంత్రం ఫోనుకు మెసేజీ వచ్చిందట, డ్రైనేజీ పనికి కొలతలు కూడా తీయించాడు. మర్నాడు చూస్తే పాత కరెంటు బకాయిల కింద అందులో చాలా భాగం పైనుంచే కోసేశారు. "సార్, ఇది మాకొచ్చినట్టా, రానట్టా?" అని అడిగాడు. నలభై ఏళ్లు పద్దులు రాసిన చేయి, ఆ కాగితం మీద ఏం రాయాలో నాకు తోచలేదు. వచ్చింది నిజమే, ఖర్చయిందీ నిజమే, ఊళ్లో డ్రైనేజీ మాత్రం రాలేదు.

16వ ఆర్థిక సంఘం అరవింద్ పనగడియా అధ్యక్షతన ఏర్పడింది, దాని సిఫార్సుల కాలానికి మొదటి రోజు 2026 ఏప్రిల్ 1. మళ్లీ సభలో వాటాల మాట వస్తుంది. ఆ రోజుకు మీరు ఆర్థిక మంత్రులను అడగాల్సిన కాగితాలు రెండే. మొదటిది, గత అయిదేళ్లలో కేంద్రం స్థూల పన్ను వసూళ్లు ఎంత, అందులో సెస్సులు, సర్‌చార్జీలు ఎంత, పంచదగిన నిధి ఎంత, మన శాతం ప్రకారం రావాల్సింది ఎంత, నాగపూర్ ఖాతాలో నిజంగా జమైంది ఎంత అని ఏడాదివారీగా చూపే ఒక్క పేజీ. ఇందులో ఉండాల్సిన అంకెలన్నీ మీ ఆర్థిక శాఖ దగ్గరే ఉన్నాయి, ఒక సెక్షన్ ఆఫీసరు రెండు రోజుల్లో తయారుచేయగలడు. రెండోది, మీ రాష్ట్ర ఆర్థిక సంఘం చివరి నివేదిక, దాని మీద చర్యల వివరణ. అవి సభ బల్ల మీదికి వచ్చే రోజు తెలిస్తే, పాసు తీసుకుని సందర్శకుల గ్యాలరీలో కూర్చోవడానికి ఆ సర్పంచ్‌ను వెంటబెట్టుకుని నేనే వస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఖజానా అధికారి